పదమా, నిమిషమా, పేజీయా: అనువాద, ట్రాన్స్‌క్రిప్షన్ రేట్ల వెనక ఉన్న లెక్క

అరవై నిమిషాల ఇంటర్వ్యూ రికార్డింగ్ ఒకటి ఉందనుకుందాం. మాట్లాడినవారు తెలుగులో మాట్లాడారు. క్లయింటుకు దాని తెలుగు ట్రాన్స్‌క్రిప్టూ కావాలి, ఆ ట్రాన్స్‌క్రిప్టుకు ఇంగ్లిష్ అనువాదమూ కావాలి. ముగ్గురిని ధర అడిగితే ఒకరు ఆడియో నిమిషానికి ఇంత అంటారు, ఇంకొకరు పదానికి ఇంత అంటారు, మూడో వారు పేజీకి ఇంత అంటారు. ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి ఏది తక్కువో చూడబోయే క్లయింటు, ఎవరు బాగా సంపాదిస్తున్నారో అంచనా వేయబోయే కొత్త అనువాదకుడు ఇద్దరూ పొరపడతారు. నిమిషం కొలిచేది రికార్డింగ్ నిడివిని, పదం కొలిచేది పాఠం పరిమాణాన్ని, పేజీ కొలిచేది ఆ పాఠం కాగితం మీద పరుచుకున్న తీరును. పని చేసేవారు నిజంగా అమ్ముతున్నది తమ గంటలను, ఆ గంటల్లో వాడే నైపుణ్యాన్ని. ఆ గంటలు ఈ మూడింటిలో ఏ కొలతలోనూ నేరుగా కనిపించవు.

అలాగని గంటకు ఇంత అని అడిగితే సమస్య తీరిపోదు. గంటల లెక్క చెబితే మొత్తం ఎంతవుతుందో క్లయింటుకు ముందుగా తెలియదు, అనువాదకుడి వేగాన్ని తనిఖీ చేసే దారీ ఉండదు. అందుకే ఇద్దరూ ఎదురుగా పెట్టుకుని లెక్కపెట్టగలిగే యూనిట్ ఒకటి కావలసి వస్తుంది. ఆ యూనిట్‌ను ఎంచుకోవడమంటే, పని అనుకున్నదానికంటే కష్టమని తేలినప్పుడు ఆ నష్టం ఎవరి మీద పడాలో ముందే ఒప్పుకోవడం. రేటు గురించి గంటల తరబడి బేరమాడేవారు యూనిట్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకపోవడం ఈ వృత్తిలో తరచుగా కనిపించే విచిత్రం.

మొదట గంట విలువ తేల్చుకోవాలి

ఏ యూనిట్‌లో ధర చెప్పినా దాని వెనక గంటకు కనీసం ఇంత రావాలన్న అంకె ఒకటి ఉండాలి. దాన్ని తేల్చుకునేటప్పుడు నెలలో పని చేసే గంటలన్నిటికీ డబ్బు వస్తుందని అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. నెలకు 160 గంటలు కుర్చీలో కూర్చునే ఫ్రీలాన్సర్‌కు ఈమెయిళ్ళు, కొటేషన్లు, ఇన్‌వాయిసులు, పని లేని రోజులు, బాకీల వెంట పడటం అన్నీ పోగా డబ్బు వచ్చే గంటలు 100 మిగలవచ్చు. నెలకు 10,000 కావాలనుకునేవారు దాన్ని 160తో భాగిస్తే గంటకు 62.5 చాలనిపిస్తుంది, 100తో భాగిస్తే గంటకు 100 కావాలని తేలుతుంది. కరెన్సీ ఏదైనా కావచ్చు, ఈ అంకెలు పోల్చి చూసుకోవడానికి మాత్రమే. ఇక్కడి నుంచి మన ఉదాహరణలో గంట విలువ 100 అని పెట్టుకుని ఆ అరవై నిమిషాల రికార్డింగ్‌ను మూడు కొలతల్లోనూ తూచి చూద్దాం.

ఆడియో నిమిషం

ఆడియో నిమిషానికి రేటు అంటే రికార్డింగ్ నిడివిలోని ఒక్కో నిమిషానికి ఇచ్చే డబ్బు, పని చేసిన నిమిషానికి ఇచ్చేది కాదు. ఈ తేడా చెప్పనక్కర్లేనంత స్పష్టంగా ఉందనిపిస్తుంది కానీ, 'గంటకు ఇంత ఇస్తాం' అన్న ప్రకటన చూసి అది పని గంట అనుకుని ఒప్పుకున్నవారికి తీరా చూస్తే అది ఆడియో గంట అని తెలుస్తుంది. స్పష్టంగా ఉన్న రికార్డింగ్‌లో ఒక గంట ఆడియోను ట్రాన్స్‌క్రైబ్ చేయడానికి అనుభవం ఉన్నవారికి సుమారు నాలుగు గంటలు పడుతుందన్నది వృత్తిలో అందరూ వాడే మోటు లెక్క. రికార్డింగ్ బాగోకపోతే అది ఆరు, ఎనిమిది, ఒక్కోసారి పది గంటలకు కూడా పోతుంది. అంటే ప్రకటనలో గంట విలువ అని కనిపించినది నిజంగా అందులో నాలుగో వంతో, పదో వంతో మాత్రమే.

కాబట్టి ఈ యూనిట్‌లో అసలు ప్రశ్న ఒక ఆడియో నిమిషానికి ఎన్ని పని నిమిషాలు పడతాయన్నది. దాన్ని ఊహించే బదులు కొలవాలి, కొలిచేది కూడా రికార్డింగ్ మొదటి నిమిషాలను మాత్రమే కాకూడదు. ఇంటర్వ్యూల మొదట్లో పరిచయాలుంటాయి, అందరూ మైకు దగ్గరగా కూర్చుని ఒకరి తరువాత ఒకరు మర్యాదగా మాట్లాడతారు. అరగంట గడిచేసరికి కుర్చీలు వెనక్కి జరుగుతాయి, చర్చ వేడెక్కుతుంది, ఒకరి మాట పూర్తి కాకుండానే ఇంకొకరు అందుకుంటారు. అందుకని మన రికార్డింగ్‌లో మొదటి భాగం నుంచి రెండు నిమిషాలు, మధ్య నుంచి రెండు, చివరి నుంచి రెండు తీసుకుని గడియారం పెట్టుకుని టైపు చేశామనుకుందాం. మొదటి ముక్కకు 9 నిమిషాలు, మధ్య ముక్కకు 16, చివరి ముక్కకు 11 పట్టాయి. ఆరు నిమిషాల ఆడియోకు మొత్తం 36 నిమిషాలు. టైపు చేసినదాన్ని ఆడియోతో సరిచూస్తూ మళ్ళీ వినడానికి ఇంకో 9 నిమిషాలు పట్టింది. అంటే ఆరింటికి 45, ఒక ఆడియో నిమిషానికి ఏడున్నర పని నిమిషాలు. మొత్తం అరవై నిమిషాలకు ఏడున్నర గంటలు, గంటకు 100 చొప్పున 750, ఆడియో నిమిషానికి 12.5. మొదటి ముక్కను మాత్రమే చూసి ధర చెప్పి ఉంటే నిమిషానికి 10 దగ్గర ఆగిపోయేవాళ్ళం, గంటన్నర పని ఉచితంగా చేసేవాళ్ళం.

మధ్య ముక్కకు 16 నిమిషాలు ఎందుకు పట్టాయో దగ్గరగా చూస్తే ఈ యూనిట్ స్వభావం బోధపడుతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడిన చోట ఫుట్ పెడల్ నొక్కి రెండు సెకన్లు వెనక్కి వెళ్ళి మొదటి గొంతు వినాలి, మళ్ళీ అక్కడికే వెళ్ళి రెండో గొంతు వినాలి, ఎవరు ముందు మొదలుపెట్టారో తేల్చుకోవడానికి మూడోసారి వినాలి. పైగా క్లయింటు ఏ రకం ట్రాన్స్‌క్రిప్ట్ అడిగారన్నది కూడా ఇక్కడే బయటపడుతుంది. ఉన్నది ఉన్నట్టు, తడబాట్లతో సహా కావాలంటే ఆ చోట వచ్చే వాక్యం ఇలా ఉంటుంది: 'అంటే... నేను, నేను అప్పుడు (ఇద్దరూ ఒకేసారి) కాదు కాదు, మొదట ఆయనే అడిగారు.' శుభ్రం చేసిన ట్రాన్స్‌క్రిప్ట్ చాలంటే 'మొదట ఆయనే అడిగారు' అని రాస్తే సరిపోతుంది. ఆడియో నిడివి రెండింటికీ ఒకటే, పట్టే సమయం ఒకటి కాదు. ఎవరు మాట్లాడుతున్నారో ప్రతిసారీ పేరు పెట్టడం, ముప్పై సెకన్లకోసారి టైమ్‌కోడ్ వేయడం, వినిపించని చోటును సమయంతో సహా గుర్తించడం లాంటివన్నీ నిడివిని మార్చకుండా పనిని పెంచేవే. అందుకే నిమిషపు రేటు ఏ రకం ట్రాన్స్‌క్రిప్టుకు చెప్పినదో దాని పక్కనే రాసి ఉండాలి. రకం చెప్పకుండా ఇచ్చిన నిమిషపు రేటు సగం రేటు మాత్రమే.

నిమిషపు లెక్కలో క్లయింటు మోసే నష్టం కూడా ఒకటుంది, అది మౌనం. కాఫీ విరామంలో ఆపకుండా వదిలేసిన రికార్డింగ్‌లో పది నిమిషాలు కప్పుల చప్పుడే ఉంటుంది. ఆ పది నిమిషాలకూ డబ్బు అడగడం న్యాయమేనా అంటే, అవి వింటే తప్ప అక్కడ మాటలు లేవని తెలియదు కాబట్టి కొంత న్యాయమే. కానీ ముందే కత్తిరించి పంపమని క్లయింటుకు చెప్పేవారి మీద నమ్మకం పెరుగుతుంది, ఆ నమ్మకం పది నిమిషాల డబ్బు కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

పదం, ఏ భాషలోని పదం

ఇక అనువాదం. ఇక్కడ పదానికి ఇంత అనడం ఎక్కువ చోట్ల వాడుక. కానీ పదం అన్నప్పుడు మూల పాఠంలోని పదమా, అనువాదంలోని పదమా అన్న ప్రశ్నకు జవాబు లేకుండా చెప్పిన రేటుకు అర్థం లేదు. ఏజెన్సీలు సాధారణంగా మూల పదాలను ఇష్టపడతాయి, ఎందుకంటే పని మొదలుకాకముందే మొత్తం ఎంతో ఖరారవుతుంది, అనువాదకుడు వాక్యాలు సాగదీసి లెక్క పెంచే అవకాశం ఉండదు. ఇంగ్లిష్, ఫ్రెంచ్ లాంటి భాషల మధ్య ఈ రెండు లెక్కలకూ మధ్య తేడా ఓ పాటిగానే ఉంటుంది. తెలుగు లాంటి భాష ఒక వైపు ఉన్నప్పుడు మాత్రం ఆ తేడా జీతాన్నే మార్చేస్తుంది.

తెలుగులో విభక్తులు, బహువచనం, నిశ్చయార్థకాలు అన్నీ పదానికే అతుక్కుంటాయి. 'ఇంట్లోవాళ్ళందరికీ' అన్న ఒక్క పదాన్ని ఇంగ్లిష్‌లో చెప్పాలంటే ఐదు పదాలు కావాలి. అందువల్ల ఒకే విషయం తెలుగులో ఇంగ్లిష్ కంటే తక్కువ పదాల్లో ఇముడుతుంది. పాఠాన్ని బట్టి ఈ తగ్గుదల నాలుగో వంతు, మూడో వంతు దాకా ఉండటం మామూలే. ఇంగ్లిష్ నుంచి తెలుగుకు పని చేసేటప్పుడు మూల పదాల లెక్క అనువాదకుడికి అనుకూలం, అనువాదంలోని పదాల లెక్క ప్రతికూలం. తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు వెళ్ళేటప్పుడు ఇది పూర్తిగా తలకిందులవుతుంది. ఇంగ్లిష్ నుంచి తెలుగుకు అలవాటైన మూల పద రేటునే తిరుగు దిశలో కూడా చెప్పేసేవారు తమ రేటును తామే తగ్గించుకుంటున్నట్టు.

మన ఉదాహరణలోకి వద్దాం. ఆరు నిమిషాల నమూనాలో శుభ్రం చేసిన ట్రాన్స్‌క్రిప్ట్ 600 తెలుగు పదాలు వచ్చిందనుకుంటే, అరవై నిమిషాలకు సుమారు 6,000. నమూనాలోంచి ఒక పేజీ అనువదించి చూస్తే అది ఇంగ్లిష్‌లో ఒకటికి 1.4 చొప్పున పెరిగింది, అంటే మొత్తం సుమారు 8,400 ఇంగ్లిష్ పదాలు. అనువాదం, సరిచూసుకోవడం కలిపి గంటకు 300 ఇంగ్లిష్ పదాల వేగం ఉన్నవారికి ఇది 28 గంటల పని, 2,800 రావాలి. దీన్ని ఇంగ్లిష్ పదాలతో భాగిస్తే పదానికి సుమారు 0.33, తెలుగు పదాలతో భాగిస్తే సుమారు 0.47. రెండూ ఒకే ధర. ఇప్పుడు ఎవరైనా 0.33 అన్న అంకెను గుర్తుపెట్టుకుని, క్లయింటు 'మూల పదానికి' అన్నప్పుడు అదే అంకె చెబితే వచ్చేది సుమారు 2,000. ఇరవై ఎనిమిది గంటల పనికి గంటకు 71 చొప్పున, లేదా ఇంకోలా చెప్పాలంటే ఇరవై గంటలకు పూర్తి డబ్బు, ఎనిమిది గంటలకు సున్నా.

లెక్కపెట్టే తీరులోనూ తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. వర్డ్ ప్రాసెసర్ పదాలను ఖాళీలను బట్టి లెక్కపెడుతుంది. 'వెళ్ళిపోయాడు' అని కలిపి రాసేవారి ట్రాన్స్‌క్రిప్ట్‌లో అది ఒక పదం, 'వెళ్ళి పోయాడు' అని విడదీసి రాసేవారి ట్రాన్స్‌క్రిప్ట్‌లో రెండు. సంయుక్త క్రియలు, సమాసాలు నిండిన పాఠంలో ఈ అలవాటు ఒక్కటే మొత్తాన్ని చెప్పుకోదగినంత మార్చగలదు. దానికి తోడు ఎమ్మెస్ వర్డ్ లెక్కలో పేజీ పైనా కిందా ఉండే హెడర్, ఫుటర్ల పాఠం చేరదు. ఫుట్‌నోట్లు, టెక్స్ట్ బాక్సులు కావాలంటే కౌంట్ చూపే పెట్టెలో ఆ గడి టిక్ చేసి ఉందో లేదో చూసుకోవాలి. అనువాద సాఫ్ట్‌వేర్లు ఇంకో రకంగా లెక్కిస్తాయి. అందుకని కొటేషన్‌లో 'ఏ ప్రోగ్రాము లెక్క ప్రకారం' అని రాయడం చాదస్తం కాదు. మన ఉదాహరణలో నాకు నచ్చే పద్ధతి ఇంగ్లిష్ పదాల మీద ధర చెప్పి, దానికి 8,800 వంటి గరిష్ఠ పరిమితి పెట్టడం. క్లయింటుకు పైకప్పు కనిపిస్తుంది, అనువాదకుడికి భాష స్వభావం వల్ల నష్టం రాదు.

అనువాద సాఫ్ట్‌వేర్ ఊసు వచ్చింది కాబట్టి తగ్గింపు పట్టిక గురించి కూడా చెప్పుకోవాలి. పాత అనువాదాల నిల్వలో ఉన్న వాక్యాలతో కొత్త పాఠాన్ని పోల్చి, అచ్చంగా దొరికినవి, 75 నుంచి 84 శాతం పోలినవి అంటూ సాఫ్ట్‌వేర్ వర్గాలు చేస్తుంది, ఏజెన్సీ ఒక్కో వర్గానికి పూర్తి రేటులో ఇంత శాతమని ఇస్తుంది. 5,000 పదాల మాన్యువల్‌లో 2,000 కొత్తవి, 1,500 పునరావృతాలు, 1,500 పాక్షికంగా పోలినవి ఉన్నాయనుకుందాం. పునరావృతాలకు పావు రేటు, పోలికలకు 60 శాతం అంటే మొత్తం 2,000, 375, 900 కలిపి 3,275 పదాలకు డబ్బు వస్తుంది. మాన్యువళ్ళ విషయంలో ఇది సమంజసమే కావచ్చు. కానీ పాక్షికంగా పోలిన తెలుగు వాక్యంలో ఒక్క నామవాచకం మారితే విభక్తి, క్రియ కూడా మారి వాక్యం మొత్తం తిరగరాయవలసి రావడం మామూలు. కాబట్టి ఆ 60 శాతాన్ని బేరమాడకుండా ఒప్పుకోనక్కర్లేదు. ఇంటర్వ్యూ ట్రాన్స్‌క్రిప్టులకైతే ఈ పట్టిక అసలు పనికిరాదు. మనిషి మాటల్లో 'అవును, అవును' తప్ప అచ్చంగా పునరావృతమయ్యేది పెద్దగా ఉండదు.

పేజీ అంటే ఎంత

మూడింటిలో పేజీ పైకి అన్నిటికంటే అర్థమైనట్టుండి, లోపల అన్నిటికంటే జారిపోయే కొలత. కాగితం అందరికీ కనిపిస్తుంది, కానీ దాని మీద ఎంత పాఠం పడుతుందన్నది ఫాంట్ సైజు, వరసల మధ్య ఖాళీ, మార్జిన్ల చేతిలో ఉంటుంది. ఇదే 8,400 పదాల ఇంగ్లిష్ పాఠాన్ని డబుల్ స్పేసింగ్‌లో పేజీకి 250 పదాల చొప్పున అమరిస్తే దాదాపు 34 పేజీలు, సింగిల్ స్పేసింగ్‌లో పేజీకి 500 చొప్పున అమరిస్తే 17. పేజీకి 83 అని చెప్పి, క్లయింటు మనసులో ఉన్నది రెండో రకం పేజీ అయితే 2,800 రావలసిన పని 1,400కు పోతుంది. ఈ పొరపాటులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కర్లేదు, ఇద్దరి కళ్ళ ముందూ ఉన్న పేజీలు వేరు, అంతే.

ఈ జారుడును ఆపడానికే చాలా దేశాల్లో కాగితంతో సంబంధం లేని పేజీని నిర్వచించుకున్నారు. చెక్ రిపబ్లిక్‌లో ఖాళీలతో కలిపి 1,800 అక్షర స్థానాలను ఒక ప్రామాణిక పేజీగా లెక్కిస్తారు. పోలండ్‌లో అధికారిక పత్రాలను అనువదించేందుకు ప్రమాణం చేసిన అనువాదకుల పేజీ 1,125 స్థానాలు. జర్మనీలో కోర్టుల కోసం చేసే అనువాదాలకు పేజీని వదిలేసి 55 స్థానాల వరసనే యూనిట్‌గా పెట్టుకున్నారు. అమెరికా ఫెడరల్ కోర్టుల ట్రాన్స్‌క్రిప్టులకు పేజీ లెక్కే కానీ, ఆ పేజీలో 25 వరసలుండాలని నియమం. మన ఇంగ్లిష్ పాఠంలో పదానికి ఖాళీతో కలిపి సగటున ఆరు స్థానాలు అనుకుంటే మొత్తం 50,400. చెక్ లెక్కలో 28 పేజీలు, పేజీకి 100. పోలండ్ ప్రమాణ అనువాదకుల లెక్కలో దాదాపు 45 పేజీలు, పేజీకి 62.5. వంద అడిగేవారు ఖరీదైనవారని, అరవై రెండున్నర అడిగేవారు చవకని అనుకునే క్లయింటుకు ఈ నిర్వచనాలు చెప్పకపోతే నష్టం ఇద్దరికీ.

తెలుగు పాఠానికి అక్షర స్థానాల లెక్క పెట్టదలచినవారు ఒక విషయం గమనించాలి. కంటికి ఒక్క అక్షరంగా కనిపించేది కంప్యూటర్‌కు ఎన్నో స్థానాలు కావచ్చు. ఎక్సెల్‌లో ఈ సూత్రం రాసి చూడండి:

```
=LEN("స్త్రీ")
```

జవాబు 6 వస్తుంది. మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుణింతపు గుర్తు. కాబట్టి యూరప్ భాషల కోసం ఏర్పడిన 1,800ను తెలుగుకు యథాతథంగా తెచ్చుకుంటే ఒక ప్రామాణిక పేజీలో పట్టే పాఠం వేరుగా ఉంటుంది. ఎంత వేరో చేతిలో ఉన్న పాఠం మీద ఒకసారి కొలుచుకుని రేటు కట్టడం మంచిది.

ఇన్ని చిక్కులున్నా పేజీ లెక్కే న్యాయంగా ఉండే పని ఒకటుంది, అది సర్టిఫికెట్లు, స్కాన్ చేసిన పాత పత్రాలు. ఒక జనన ధ్రువపత్రంలో 120 పదాలు ఉండవచ్చు. పదానికి 0.33 చొప్పున అది 40కి పోతుంది. కానీ అందులో చేతిరాత చదవాలి, ముద్రలో సగం చెరిగిపోయిన పేరు ఏమిటో తేల్చుకోవాలి, గడుల పట్టికను అదే ఆకారంలో కట్టాలి, పేర్ల స్పెల్లింగ్ పాస్‌పోర్టులో ఉన్నట్టు సరిచూడాలి. గంటన్నర పని అంటే 150. ఇలాంటి పత్రాలకు 'ఒక్కో పత్రం, ఒక్కో వైపు' అని స్థిర ధర చెప్పడం, లేదా పదాల లెక్కతో పాటు కనీస ఛార్జీ పెట్టడం తప్ప మార్గం లేదు. చిన్న పనులన్నిటికీ కనీస ఛార్జీ ఉండాలన్నది కూడా ఇందువల్లే. ఫైలు తెరిచి, ఇన్‌వాయిస్ పంపి, డబ్బు అందేదాకా పట్టే సమయం పాఠం పొడవును బట్టి తగ్గదు.

కొటేషన్‌లో కనిపించవలసినవి

ఇప్పుడు మన క్లయింటుకు ధర చెప్పాలి. ట్రాన్స్‌క్రిప్షన్‌కు ఆడియో నిమిషానికి 12.5, అనువాదానికి ఇంగ్లిష్ పదానికి 0.33, మొత్తం అంచనా సుమారు 3,550. ట్రాన్స్‌క్రిప్ట్ తయారైతే తప్ప పదాల సంఖ్య ఖాయం కాదు కాబట్టి, అనువాదం విషయంలో ఇది నమూనా మీద వేసిన అంచనా అని ఆ వాక్యంలోనే చెప్పాలి. కొందరు క్లయింట్లు రెండు పనులకూ కలిపి నిమిషానికి ఒకే అంకె అడుగుతారు. 3,550ను అరవైతో భాగిస్తే సుమారు 59 వస్తుంది, అడిగితే ఇవ్వవచ్చు. కానీ వక్త ఎంత వేగంగా మాట్లాడితే అన్ని పదాలు పెరుగుతాయి, ఆ భారమంతా అప్పుడు అనువాదకుడి మీదికి వస్తుంది. నమూనాలో నిమిషానికి 100 పదాలున్న చోట మిగతా రికార్డింగ్‌లో 130 ఉంటే అనువాదంలో ఏడున్నర గంటలకు పైగా అదనపు పని. కలిపి చెప్పే రేటుకు అంతకు తగినంత ఎక్కువ అడగాలి, లేదా రెండుగానే చెప్పాలి.

నమూనాకు, అసలు పనికి మధ్య తేడా వచ్చే అవకాశాన్ని కూడా ముందే రాసుకోవాలి. ట్రాన్స్‌క్రిప్షన్ మొదలుపెట్టాక మొదటి పదిహేను ఆడియో నిమిషాలకు రెండు గంటలకు బదులు మూడు గంటలు పట్టాయంటే నిమిషానికి ఏడున్నర అనుకున్నది పన్నెండయిందన్నమాట. అక్కడే ఆగి, వినిపించని చోట్ల సమయాలతో సహా క్లయింటుకు రాయడం సరైన పని. అరవై నిమిషాలూ పూర్తి చేశాక రాసే అదే ఉత్తరం బేరంలా వినిపిస్తుంది, పదిహేనో నిమిషంలో రాసినది సమాచారంలా వినిపిస్తుంది. అప్పుడు క్లయింటుకు నిజమైన ఎంపికలు కూడా ఉంటాయి: ఇంకో మైకు రికార్డింగ్ ఉంటే పంపవచ్చు, వినిపించని చోట్లను గుర్తు పెట్టి వదిలేసిన ట్రాన్స్‌క్రిప్టుతో సరిపెట్టుకోవచ్చు, లేదా రేటు పెంచడానికి ఒప్పుకోవచ్చు.

పని ముగిశాక గంటలను యూనిట్ల వారీగా విడదీసి చూస్తే రేటులో లోపం ఎక్కడుందో తెలుస్తుంది. మన పనిలో ట్రాన్స్‌క్రిప్షన్‌కు ఎనిమిది గంటలు, అనువాదానికి అనుకున్న ఇరవై ఎనిమిది, ఆ తరువాత క్లయింటు అడిగిన మార్పులకు మూడు గంటలు పట్టాయనుకుందాం. ముప్పై తొమ్మిది గంటలకు 3,550, అంటే గంటకు 91. వంద రాలేదు కాబట్టి పద రేటు పెంచాలనిపిస్తుంది. కానీ అనువాదం సరిగ్గా అనుకున్న వేగంతోనే సాగింది, ట్రాన్స్‌క్రిప్షన్‌లో అరగంటే తేడా. పోయిన మూడు గంటలూ వ్యక్తుల పేర్లకు, ఊళ్ళ పేర్లకు క్లయింటు సంస్థ వాడే ఇంగ్లిష్ స్పెల్లింగులను చివర్లో ఒక్కొక్కటిగా మార్చడంలో పోయాయి. వచ్చేసారి కొటేషన్‌లో మారవలసింది పదానికి 0.33 కాదు. పేర్ల జాబితా పని మొదలుకాకముందే పంపాలని, ఒక విడత సవరణలు ధరలో కలిసి ఉంటాయని, ఆ తరువాతి మార్పులకు గంటకు 100 అని మరో రెండు వరసలు చేర్చాలి.